మాణిక్యమ్మ వదలలేని బంటు

మాణిక్యమ్మ మా దుకాణానికి మొదటిసారి వచ్చింది కుక్కర్ గ్యాస్కెట్ కోసం. శాలిబండలో మాది తాతల నాటి స్టీలు సామాన్ల దుకాణం. గిరాకీ లేనప్పుడు గల్లా పక్కన చదరంగం బల్ల పరుచుకోవడం నాకు అలవాటు. ఆ రోజు ఎదురుగా కృపాకర్ కూర్చున్నాడు. పక్క గల్లీలో ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేస్తాడు. మా చదరంగం క్లబ్బులోకెల్లా పాత మెంబరు, ఇంకా కొత్తవాడిలాగే ఆడతాడు.

చీర మీద ఖాకీ కోటు, భుజానికి తోలు సంచీ, చేతిలో టికెట్ల మిషను. బస్సు దిగి తిన్నగా వచ్చినట్టుంది. గ్యాస్కెట్ సైజు చెప్పకుండా బల్ల వైపు చూసి, "అన్నా, గా బంటు ఊరికే ఉన్నది గద. తీస్కోరాదు?" అంది కృపాకర్‌తో.

నాకు ఒళ్ళు మండింది. అది ఊరికే ఉన్న బంటు కాదు, నేను ఊరికే ఉంచిన బంటు. కృపాకర్ ఆమె ముఖం చూశాడు, నా ముఖం చూశాడు, చటుక్కున రాణితో ఆ బంటును తినేశాడు. రెండు ఎత్తుల్లో వాడి రాణి నా చేతిలో ఉంది.

"అరే! గిదేంది, గట్లెట్లయింది?" అంది మాణిక్యమ్మ. గ్యాస్కెట్ తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు సాయంత్రం దుకాణం పైన ఉన్న మా క్లబ్బు గదికి మెట్లెక్కి వచ్చింది. ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో నేను కింద గల్లా దగ్గరినుంచే విన్నాను. ఒక్కో మెట్టుకీ ఒక్కో నిట్టూర్పు.

క్లబ్బు అంటే పెద్దగా ఊహించుకోకండి. అది ఒకప్పటి మా గోదాము. ఇత్తడి బిందెలు పోయి ప్లాస్టిక్ బల్లలు వచ్చాయి. ఒక ట్యూబులైటు, నాలుగు బోర్డులు, కూర్చోడానికి స్టూళ్ళు. వచ్చేవాళ్ళంతా కొత్తగా నేర్చుకునేవాళ్ళే. కాస్త ఆట వచ్చినవాడు ఇక్కడ ఉండడు, పెద్ద క్లబ్బులకు పోతాడు. నా వంతుకు ఎప్పుడూ మొదటి పాఠాలే మిగులుతాయి. ఏళ్ళ తరబడి అవే వలలు, అవే రాణులు, అదే "అరే, చూసుకోలేదన్నా". చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. నిజం చెప్తున్నాను, ఆమె వచ్చేనాటికే నాకు విసుగు పుట్టి చాలా కాలమైంది.

మాణిక్యమ్మకు యాభై దాటాయి. చిన్నప్పుడు అన్న దగ్గర పావులు ఎలా నడుస్తాయో నేర్చుకుందట, అంతే. తెల్లవారకముందే డిపోకు పోతుంది. పొద్దంతా బస్సులో నిలబడుతుంది. డ్యూటీ దిగి లెక్క అప్పగించి శాలిబండకు వచ్చేసరికి సాయంత్రం. ఇల్లు బార్కస్ దాటాక. మొగుడు డానియేలు ఆ దారిలోనే షేర్ ఆటో నడుపుతాడు. అతని ట్రిప్పు ఇటు వచ్చేవరకు ఆమెకు ఒక గంట దొరుకుతుంది. ఆ గంట మా గదిలో గడిపేది.

ఆమె ఆటలో ఒక్కటే రోగం. బల్ల మీద ఏది ఊరికే కనిపించినా తినకుండా ఉండలేదు. కొత్తవాళ్ళందరికీ ఉండే ఆశే కదా అనుకుని నాలుగు రోజుల్లో పోతుందనుకున్నాను. పోలేదు. ఒకరోజు కోపం ఆపుకోలేక అడిగేశాను. "ఎందుకమ్మా, కనిపించిన ప్రతి బంటూ మింగుతవు? ఆకలా?"

ఆమెకు కోపం రాలేదు. ఆలోచించి చెప్పింది. "ఆకలి కాదన్నా, భయం. బస్సుల ఒక్కరు టికెట్ లేకుంట దొరికినా చెకింగ్ స్క్వాడోళ్ళు నన్నే పట్టుకుంటరు. ఆడోళ్ళకు ఫ్రీ అయినా జీరో టికెట్ కొట్టి చేతుల పెట్టాలె. పొద్దుగాల్నుంచి నా కండ్లు గదే చూస్తయి, ఎవరు మిగిలిన్రు, ఎవరు మిగిలిన్రు అని. ఈడ గూడ బంటు మిగిలి ఉంటే నా పానం ఒప్పదు."

ఇన్నేళ్ళలో ఎంతోమంది పేరాశపరులకు పాఠం చెప్పాను. బాధ్యత వల్ల బంట్లు తినే మనిషిని మొదటిసారి చూశాను.

మొదట్లో ఆమె రాజు ముందరి బంటుతో ఆట మొదలుపెట్టేది. కృపాకర్‌కు నల్లపావులతో ఒక పాత మోసం తెలుసు, అదొక్కటే తెలుసు. తెల్లపావులవాళ్ళు గుర్రాన్ని, ఒంటెను బయటికి తేగానే వాడు తన గుర్రాన్ని నడిబల్లలోకి దూకిస్తాడు. ఆ దూకుడుతో వాడి రాజు ముందరి బంటుకు కాపలా పోతుంది. మాణిక్యమ్మ గుర్రం వెంటనే ఆ బంటును తినేది. వాడి రాణి బయటికొచ్చి, ఇటు ఆ గుర్రాన్నీ, అటు తెల్లరాజు పక్కనున్న బంటునూ ఒకేసారి బెదిరిస్తుంది. అప్పుడైనా ఆగొచ్చు కదా? ఇంకో బంటు తిని, రాణినీ ఏనుగునూ ఒకే దెబ్బకు పట్టానని సంబరపడేది. వాడి రాణి పక్క బంటును మింగి ఏనుగు మీద పడుతుంది. ఏనుగు తప్పుకుంటే మధ్య బంటును కూడా తిని చెక్ అంటుంది. ఒంటెను అడ్డం పెడితే నల్లగుర్రం వచ్చి కూర్చుంటుంది. అంతే, ఆట అయిపోయింది. చుట్టూ సొంత పావులే కిక్కిరిసి రాజు కదలలేడు, అడ్డంపెట్టిన ఒంటె రాణికి జడిసి కదలలేదు.

"దూకిన గుర్రాన్ని నీ గుర్రంతోని కొట్టు, అంతే. బంటు జోలికి పోకు" అని ఎన్నిసార్లు చెప్పానో. తల ఊపేది. మళ్ళీ తినేది. చివరికి విసిగి, రాణి ముందరి బంటుతో మొదలుపెట్టమని ఆట తీరే మార్పించాను.

అక్కడ ఇంకో వల కాచుకుని ఉంది. తెల్లఒంటె వెళ్ళి నల్లగుర్రాన్ని నొక్కిపెడుతుంది. ఆ గుర్రం వెనకాల నల్లరాణి. గుర్రం కదిలితే రాణి పోతుంది కదా, కాబట్టి గుర్రం కదలదు, కాబట్టి అది కాచే నడిబంటుకు నిజంగా కాపలా లేదు. ఇదీ కొత్తవాళ్ళ లెక్క. మాణిక్యమ్మ కూడా సరిగ్గా అలాగే లెక్కేసి నా బంటును గుర్రంతో తినేసింది. నేను ఆ నొక్కిపెట్టిన గుర్రంతోనే ఆమె గుర్రాన్ని తిన్నాను.

"అన్నా! నీ రాణి!" అంటూ నా రాణిని పట్టేసుకుని చిన్నపిల్లలా నవ్వింది. నేను ఒంటెను జరిపి చెక్ అన్నాను. ఆమె రాజుకు కదిలే చోటు లేదు. అడ్డం పెట్టడానికి రాణి ఒక్కటే ఉంది. ఆ రాణిని నేను తిన్నాను, నా ఒంటెను ఆమె రాజు తిన్నాడు, ఆమె ఒంటెను నా రాజు తిన్నాడు. దుమ్ము సద్దుమణిగాక చూస్తే ఆమెకు ఒక బంటు దక్కింది, ఒక గుర్రం పోయింది.

ఆమె నవ్వు పోయింది. పావులు సర్దుతూ, "ఈడ గూడ చెకింగేనా అన్నా" అంది మెల్లగా. నాకు జాలేసింది. జాలేస్తే నాకు ఇంకా కోపం వస్తుంది, అదొక దరిద్రం. "చూసుకొని ఆడాలె మరి!" అని కసిరాను.

అన్నింటికంటే పెద్ద వల మాత్రం బీ వరుస బంటు. రాణి వైపు గుర్రం ముందు నిలబడేది. దాని పక్కన, ఏనుగు ముందరిది ‘ఏ’ వరుస బంటు. నల్లవాడి ఒంటె ఇంట్లోంచి బయటికి వెళ్ళిందంటే ఆ బంటుకు కాపలా ఉండదు. తెల్లరాణి దూరం నుంచే దాన్ని చూస్తుంది, నోరూరుతుంది, పోయి తింటుంది. తిన్న చోటు నల్లవాడి ఇంటి మూల. చుట్టూ వాడి పావులే. నల్లగుర్రం బల్ల అంచుకు వచ్చి ఆ రాణిని బెదిరిస్తే ఎటు పోవాలి? ఒకే ఒక్క దారి ఉంటుంది, వచ్చిన వరుసలోనే రెండు గళ్ళు వెనక్కి దిగి రాజుకు చెక్ అనడం. అందుకే తెలిసినవాడు ముందే ఆ ‘ఏ’ వరుస బంటును ఒక గడి ముందుకు జరిపి, ఆ చెక్ గడిని కాచి, దారి మూస్తాడు. ముందు గేటు మూయాలి, తరువాత గుర్రాన్ని పిలవాలి. గేటు మూసి ఉంటే రాణి చచ్చినట్టే.

ఈ వలలో నేను మాణిక్యమ్మ రాణిని ఎన్నిసార్లు పట్టానో నాకే సిగ్గు. గేటు బంటును ఆమె కళ్ళముందే జరిపేవాణ్ణి. ఆమెకు ఆ చిన్న బంటు కనిపించేది కాదు. కనిపించేది ఎదురుగా ఉన్న ఊరికే బంటు.

వానాకాలం మొదలయ్యాక ఆమె ఉత్సాహం తగ్గింది. ఓడిపోయాక కూడా కాసేపు స్టూలు మీద గోడకు ఒరిగి కళ్ళు మూసుకునేది. ఒకరోజు కింద ఆటో హారన్ మోగుతున్నా లేవలేదు.

"డానియేలు ఒక మాటన్నడన్నా" అంది. "పొద్దంత నిలబడి వస్తవు, మల్ల ఓడిపోతందుకు మెట్లెక్కి పోతవా, సీదా ఇంటికొచ్చి పండుకుంటె మోకాళ్ళకైన సుకం గద అన్నడు. కోపంతోని అనలే. మంచిగనే అన్నడు. గందుకే కొట్లాడలేకపోయిన."

"నువ్వేమంటవు?"

"నాకు గూడ యాష్టకొచ్చింది. ఓడుతె ఓడిన, గని గా రాణి పదెత్తులు గూడ బతుకకపోతే నేను ఆడినట్టేనా? వచ్చే ఐతారం చాంద్రాయణగుట్టోళ్ళతోని మ్యాచ్ ఉన్నదంటివి గద. నాలుగో బల్లకు మనిషి లేడంటివి. నన్ను కూసోబెట్టు. ఆడ గూడ రాణి గిట్లనే పోయిందనుకో, ఇగ నేను రాను. మొగునికి మాటిచ్చిన."

నేను ఫికర్ పడలేదని చెబితే అబద్ధం. ఆమె రాకపోతే నాకేంటి? ఇంకొకరు వస్తారు, వాళ్ళ రాణీ పోతుంది. కానీ ఆ మెట్ల మీద నిట్టూర్పులు వినబడని సాయంత్రం ఎలా ఉంటుందో తలుచుకుంటే మనసు చేదయింది. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆమె రోజంతా బస్సుది, ఇంటిది. ఆ గంట ఒక్కటే ఆమెది. అది కూడా పోతుంది, నేను సరిగ్గా నేర్పలేకపోయిన ఒక్క వల మూలంగా.

అందుకని మ్యాచ్ దాకా రోజూ ఆ బీ బంటునే ముందు పెట్టాను. "తినకు! ఎప్పుడూ తినకు! ముట్టుకుంటే చేతులు కాలతయి అనుకో!" ఇదీ నా పాఠం. అలసిపోయిన మాస్టరు చెప్పే పాఠాలు ఇలాగే ఉంటాయి, విప్పి చెప్పే ఓపిక లేక వద్దని చెప్పేస్తాం.

ఆమె మధ్యలో ఆపింది. "అన్నా, ఎప్పుడూ తినొద్దంటె నా తలకాయకెక్కదు. ఎప్పుడు తినొచ్చో చెప్పు."

"తిన్నంక బయటికొచ్చే తొవ్వ ఉంటే తినొచ్చు. లేకుంటే లేదు."

ఆమె చాలాసేపు బల్ల వైపు చూసింది. వేలితో రాణి తినే గడిని తాకి, అక్కడినుంచి వెనక్కి వరుస వెంట వేలు దించింది. నల్ల గేటు బంటు కాచే గడి దగ్గర వేలు ఆగిపోయింది.

"అంటె ఎక్కకముందే దిగుడు చూసుకోవాలె. పండుగ దినాల బస్సు కిక్కిరిసి ఉంటది. గంత రష్‌ల లోపటికి పోయి టికెట్లు కొట్టే ముందు నేను గదే చూస్త, మల్ల డోర్ కాడికి ఎట్లొస్తనని. గింత ముచ్చట ముందే చెప్పొచ్చు గదన్నా."

ముందే చెప్పొచ్చు గదట! వంద సార్లు చెప్పాను. అందులో ఒక్కటీ ఆమె చెవిన పడినట్టు లేదు. సరే, ఇప్పటికైనా పడ్డది, చాలనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ పక్క గల్లీలో, ఒక ట్యూషన్ సెంటరు గదిలో మ్యాచ్. నాలుగు బల్లలు. పైన ఫ్యాను, బయట బస్సుల హారన్లు. మాణిక్యమ్మ ఉదయం డ్యూటీ దిగి ఖాకీ కోటుతోనే వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నిద్ర సరిపోలేదన్నా, ఏంగాదు" అంది. డానియేలు ఆమెను దింపి, ఆటో గేటు దగ్గర పెట్టుకుని అందులోనే కూర్చున్నాడు.

ఆమెకు ఎదురుగా సాగర్ అనే కుర్రాడు. సెల్ ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడట. చెయ్యి వేగం. ప్రతి ఎత్తుకూ గడియారాన్ని టపీమని కొట్టేవాడు. అలాంటివాణ్ణి చూస్తేనే నాకు తెలుస్తుంది, ఫోనులో వీడియోలు చూసి వలలు కంఠతా పట్టిన బాపతు.

మాణిక్యమ్మకు తెల్లపావులు. రాణి ముందరి బంటు. తరువాత గుర్రం. సాగర్ ఒంటె బయటికొచ్చి ఆ గుర్రం ఎదుట నిలబడింది. ఆమె సీ బంటును తోసింది, అతను రాజు ముందరి బంటును ఒక గడి జరిపాడు. ఒంటె ఇల్లు విడిచింది కాబట్టి బీ బంటుకు కాపలా లేదు. ఆమె రాణి పక్కకు వచ్చి ఆ బంటు మీద చూపు నిలిపింది. సాగర్ దాన్ని కాచలేదు. గుర్రాన్ని బయటికి తీసి, చేతులు కట్టుకుని, పైకప్పు వైపు చూశాడు. అంత అమాయకంగా పైకప్పు చూసేవాణ్ణి నమ్మకూడదు.

వెనకాల నిలబడి ఉన్నాను, నోరు విప్పడానికి లేదు. తినకు, తల్లీ, తినకు. మనసులో అదే గొణుగుతున్నాను.

మాణిక్యమ్మ చెయ్యి లేచింది. మధ్యలో ఆగింది. ఆమె కళ్ళు బంటు మీద లేవు. మూలనున్న ‘ఏ’ వరుస బంటు మీదున్నాయి. తరువాత బీ వరుస వెంట కిందికి దిగాయి. పెదవులు కదులుతున్నాయి. డోర్ కాడికి తొవ్వ చూసుకుంటోందని నాకు అప్పుడు తట్టలేదు. నేను చూస్తుండగానే రాణితో బంటును తినేసింది.

"అయ్యో" అన్నాను బయటికే. అవతలి క్లబ్బు మాస్టరు నా వైపు గుర్రుగా చూశాడు.

సాగర్ క్షణం ఆగలేదు. గుర్రాన్ని బల్ల అంచుకు దూకించి గడియారం కొట్టి, కుర్చీ వెనక్కి వాలాడు. అప్పుడు చూశాను నేను. ‘ఏ’ వరుస గేటు బంటు ఇంటి దగ్గరే ఉంది. గేటు మూయకుండానే గుర్రాన్ని పిలిచాడు గాడిద! వల చివర చూపించే ఎత్తు గుర్తుంది, దానికి ముందున్న చిన్న ఎత్తు మరిచిపోయాడు.

మాణిక్యమ్మ రాణి వచ్చిన వరుసలోనే రెండు గళ్ళు దిగింది. "చెక్" అంది. గట్టిగా కూడా అనలేదు, ముందు స్టాపు పేరు చెప్పినట్టు అంది.

సాగర్ ముఖంలో రంగు మారింది. సీ బంటును ఒక గడి తోసి చెక్ ఆపి రాణిని కూడా బెదిరించాడు. అది మంచి ఎత్తే, అంచున ఉన్న అతని గుర్రానికి ఇప్పుడు నల్లరాణి కాపలా కూడా దొరికింది. ఆమె ఆ గుర్రాన్ని తినబోతుందేమోనని ముందుకు వంగాను. తింటే రాణి పోతుంది. ఆమె తినలేదు. రాణిని పక్కనే ఉన్న అంచు వరుసలోకి, ఎవరి చూపూ పడని గడికి జరుపుకుంది. ఒక బంటు చేతిలో, రాణి క్షేమంగా బయట.

సాగర్ రెండో గుర్రాన్ని బయటికి తెచ్చాడు. ఆమె ఒంటెను ఒక్క గడి జరిపి, అంచున ఇరుక్కున్న గుర్రం మీద రెండో గురి పెట్టింది. అతను కంగారులో ఇంకెక్కడో ఒక బంటు తిన్నాడు. ఆమె ఒంటెతో ఆ గుర్రాన్ని తీసేసింది. తిన్న చోటి నుంచే ఒంటె గురి తిన్నగా అతని రాణి మీద పడింది. నాకు కళ్ళు చెమర్చాయి, ఎందుకు దాచాలి? పది ఎత్తులకు రాణి బతికి ఉండటమే కాదు, అవతలివాడి గుర్రం ఆమె పక్కన పడుకుని ఉంది.

కృపాకర్ తన బల్ల మీద ఓడిపోయి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. మిగతా రెండు బల్లల్లో ఒకటి మాది, ఒకటి సరిసమానం. ఆమె గెలిస్తే మ్యాచ్ మాది.

కానీ ఆట అక్కడితో అయిపోదు కదా. గుర్రం ఎక్కువున్నా గెలవడానికి ఇంకా బోలెడు ఎత్తులు కావాలి. ఫ్యాను గాలికి ఆమె రెప్పలు వాలడం నేను చూశాను. ఒకసారి ఆవులించింది, మళ్ళీ ఆవులించింది. మోకాలు పట్టేసినట్టుంది, బల్ల కింద కాలు చాపి రుద్దుకుంది. సాగర్ మాత్రం బుద్ధిగా, మొదటిసారి నెమ్మదిగా ఆడుతున్నాడు. దారిలో ఇంకో బంటును ఎరగా వేశాడు. ఆమె దాని వైపు చూసి, "ఉండనీ" అని తనలో తాను అనుకుని వదిలేసింది. ఆ ఒక్క మాటకు నేను ఇన్నేళ్ళ విసుగు మరిచిపోయాను.

ఆ తరువాత ఆమె రాజు తన మూడు బంట్ల వెనకాల హాయిగా కూర్చుని ఉండగా, చివరి వరుసలో కాపలా ఉన్న ఏనుగును ఆమె ఎటో జరిపింది. సాగర్ ఏనుగు సూటిగా కిందికి దిగింది. చెక్‌మేట్. రాజు ముందర సొంత బంట్లే గోడ. రాణి బల్లకు ఆ చివర ఉంది, బతికే ఉంది, కానీ రాలేదు.

మ్యాచ్ పోయింది. కృపాకర్ నెత్తి కొట్టుకున్నాడు. నాకు పట్టరాని కోపం వచ్చింది. "ఏందమ్మా గిది! చేతిల ఉన్న ఆట! ఒక్క బంటు ముందుకు జరిపితే రాజుకు గాలాడేది కదా! గుర్రం ఎక్కువ పెట్టుకొని..."

ఆమె తల ఎత్తి నా వైపు చూసింది. ఓడిపోయిన ముఖం కాదది.

"అన్నా" అంది, బల్ల చివర నిలబడ్డ తెల్లరాణిని చూపించి, "రాణి పోలే గద!"

బయట డానియేలు ఆటోలో ఎదురుచూస్తున్నాడు. నన్ను కూడా శాలిబండ దాకా దింపుతానన్నాడు, ఎక్కాను. మాణిక్యమ్మ మూలకు చేరి ఊచ పట్టుకుంది.

"ఏమయింది?" అన్నాడు అతను అద్దంలో చూస్తూ.

"ఓడిన."

అతను గేరు మార్చాడు. "మరి రేపటినుంచి..." అన్నాడు.

"రాణి పోలె" అంది ఆమె. "వాడు వల పన్నిండు. నేను పోయిన, తిన్న, తొవ్వ చూసుకొని బయటికొచ్చిన. ఈడనే కూసున్నడు గద, వెంకటనారాయణన్నను అడుగు."

"రాణి పోకుంట ఓడుడేంది?" అన్నాడు డానియేలు అయోమయంగా. ఆమె నవ్వింది. ఆ నవ్వు పూర్తి కాకముందే కళ్ళు మూతపడ్డాయి. తల ఊచకు ఆనుకుంది.

డానియేలు అద్దంలో చూశాడు. ఆటో వేగం తగ్గించాడు. గుంతలు తప్పించుకుంటూ, వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నా పట్టించుకోకుండా, స్పీడ్ బ్రేకర్ల మీద ఆటోను ఎత్తి దించినట్టు నడిపాడు. అరుచుకుంటూ షేర్ ఆటో నడిపేవాళ్ళలో అలా నడిపేవాడిని నేను ఇంతవరకు చూడలేదు. శాలిబండలో నేను దిగాక డబ్బులు తీసుకోలేదు. గొంతు తగ్గించి, "అన్నా, ఒక మాట. మీ గదిల కూసునేది ఏంది? కుర్చీనా, స్టూలా?" అన్నాడు.

"స్టూలు" అన్నాను.

"ఒరగనీకి లేదా?"

లేదన్నాను. తల ఊపి, ఆమె వైపు ఒకసారి చూసి, మెల్లగా వెళ్ళిపోయాడు. నేను గల్లీలో చాలాసేపు నిలబడ్డాను. ఇన్నాళ్ళుగా ఆమె గోడకు ఒరిగి కళ్ళు మూసుకోవడం చూస్తూనే ఉన్నాను, గల్లా వెనక నేను కూర్చునేది మాత్రం మెత్త వేసిన కుర్చీ.

మర్నాడు ఆ కుర్చీని కృపాకర్, నేను కలిసి పైకి మోశాం. సాయంత్రం కింద ఆటో ఆగిన చప్పుడు. మెట్ల మీద ఒక్కో నిట్టూర్పు. మాణిక్యమ్మ గుమ్మంలో ఆగి కుర్చీని చూసింది, నన్ను చూసింది. "గిదెవరికన్నా?" అంది.

"కూసో ముందు" అని కసిరాను.

ఆమె కూర్చుంది. వీపు ఆనించి, కాళ్ళు చాపి, చాలా లోపలినుంచి ఒక ఊపిరి వదిలింది. తరువాత పావులు పేర్చడం మొదలుపెట్టింది. "చెప్పన్నా, నిన్న నా రాజు ఎట్ల చచ్చిండు?"